పరారీ నిందితుడు, ముప్పై రోజుల గడువు: వారెంటు నుంచి జప్తు దాకా

కోర్టు నోటీసు బోర్డు మీదనో, దినపత్రిక లోపలి పేజీలోనో ఇలాంటి ప్రకటన మీరు చూసే ఉంటారు. ఫలానా వ్యక్తి మీద ఫలానా నేరారోపణ ఉంది. అతనిపై జారీ చేసిన అరెస్టు వారెంటు, మనిషి దొరకలేదన్న రాతతో తిరిగి వచ్చింది. కాబట్టి ఫలానా తేదీన అతను ఈ కోర్టులో హాజరు కావాలి. ఆ ప్రకటన వెలువడిన రోజుకు, అందులో ఉన్న హాజరు తేదీకి మధ్య కనీసం ముప్పై రోజుల ఎడం ఉండాలి. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఈ మాటే చెప్పింది, 1973 కోడ్ చెప్పింది, 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా చెబుతోంది. చుట్టూ ఎన్నో మారినా ఈ గడువు ఎందుకు మారలేదు? ఈ పాఠంలో ఈ ప్రశ్న వెంట నడుద్దాం.

న్యాయస్థానం సాధారణంగా ఎదుట నిలబడిన మనిషి మీద అధికారం చూపుతుంది. అతను అక్కడే ఉంటాడు కాబట్టి ఆరోపణ వినగలడు, జవాబు చెప్పగలడు. పరారీలో ఉన్నవాడి విషయంలో ఆ అవకాశం లేదు. అతని ఇల్లు, పొలం, బ్యాంకు ఖాతా జప్తు అవుతున్నప్పుడు అతని తరఫున మాట్లాడేవాడు ఎవరూ ఉండరు. అతనికి మిగిలే రక్షణ ఒక్కటే: చట్టం చెప్పిన మెట్లను కోర్టు ఒక్కొక్కటిగా, వరుస తప్పకుండా ఎక్కడం. ఒక మెట్టు తప్పితే ఆపై జరిగినదంతా నిలవదు. ఇది ఎంత పాత సూత్రమో తెలుసుకోవడానికి ముందుగా పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండుకు వెళ్దాం. మన కోడ్‌లను రాసినవారు చదువుకున్న న్యాయశాస్త్రం అక్కడిదే.

ఐదు పిలుపులు, ఒక లోపం

జాన్ విల్క్స్ బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు. ‘నార్త్ బ్రిటన్’ అనే పత్రిక నడిపేవాడు. 1763 ఏప్రిల్ 23న వెలువడిన 45వ సంచికలో రాజు ప్రసంగాన్ని తీవ్రంగా విమర్శించాడు. రాజద్రోహకరమైన రాత అని ప్రభుత్వం కేసు పెట్టింది. ఆ ఏడాది డిసెంబరులో విల్క్స్ పారిస్ వెళ్ళిపోయాడు. 1764 జనవరిలో కామన్స్ సభ అతన్ని బహిష్కరించింది. ఫిబ్రవరిలో అతను లేకుండానే కింగ్స్ బెంచ్ కోర్టులో జ్యూరీ అతన్ని దోషిగా తేల్చింది. అయితే శిక్ష విధించాలంటే మనిషి కోర్టు ఎదుట ఉండాలి. అతను రాలేదు.

అప్పుడు కోర్టు ‘అవుట్‌లారీ’ అనే పాత పద్ధతిని చేపట్టింది. చట్టపు రక్షణ నుంచి మనిషిని వెలివేయడం అని దీన్ని అర్థం చేసుకోవచ్చు. మధ్యయుగాల తొలి రోజుల్లో అవుట్‌లాను ఎవరైనా తోడేలును చంపినట్టు చంపవచ్చన్న భావన ఉండేది. విల్క్స్ కాలానికి ఆ క్రూరత్వం పోయింది కానీ ఆస్తి నష్టం మిగిలింది. ఘోరనేరాల్లోనైతే, అవుట్‌లాగా ప్రకటించడం నేరం రుజువైనదానితో సమానం.

ఇంత పెద్ద దెబ్బ కాబట్టే దానికి ముందు నిదానమైన తతంగం ఉండేది. మొదట అరెస్టుకు రిట్లు వెళ్ళేవి. మనిషి దొరకలేదని షెరీఫ్ రాసి పంపితే ‘ఎక్సిజెంట్’ అనే మరో రిట్టు వచ్చేది. దాని ప్రకారం వరుసగా ఐదు కౌంటీ కోర్టు సమావేశాల్లో ఆ మనిషిని పేరు పెట్టి పిలవాలి. ఐదో పిలుపుకూ రాకపోతేనే అవుట్‌లాగా ప్రకటించాలి. 1764 నవంబరు 1న విల్క్స్ అలాగే ప్రకటితుడయ్యాడు.

అతను 1768లో తిరిగి వచ్చి, మార్చిలో మిడిల్‌సెక్స్ నియోజకవర్గం నుంచి గెలిచాడు. ఏప్రిల్‌లో కోర్టు ముందుకు వచ్చాక తన అవుట్‌లారీ చెల్లదని వాదించాడు. వీధుల్లో జనం అతని పక్షాన గుమిగూడుతున్న రోజులవి. ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ విల్క్స్ న్యాయవాదులు చూపిన లోపాలను ఒప్పుకోలేదు. కానీ షెరీఫ్ రాసిన నివేదికలో మరో లోపం ఉందన్నాడు. హోబర్న్ దగ్గరి ఒక ఇంట్లో ‘నా కౌంటీ కోర్టు’ జరిగిందని షెరీఫ్ రాశాడు. ఆ ఇల్లు మిడిల్‌సెక్స్‌లో ఉందనీ రాశాడు. కానీ ఆ కోర్టు ‘మిడిల్‌సెక్స్ కౌంటీకి చెందిన కోర్టు’ అని రాయలేదు. ఆ ఒక్క మాట లేనందుకు 1768 జూన్ 8న అవుట్‌లారీ రద్దయింది.

ఇది చదివి మీకు నవ్వు రావచ్చు. రాజకీయ ఇబ్బంది నుంచి తప్పుకోవడానికి న్యాయమూర్తి వెతుక్కున్న సాకు అని అప్పుడే అనుకున్నవాళ్ళున్నారు. అందులో కొంత నిజం ఉండవచ్చు కూడా. అయినా ఒక తేడా గమనించండి. అవుట్‌లారీ రద్దయినంత మాత్రాన విల్క్స్ నిర్దోషి కాలేదు. పది రోజుల తర్వాత, జూన్ 18న, అదే కోర్టు రెండు నేరాలకు కలిపి 22 నెలల జైలు, 1000 పౌండ్ల జరిమానా విధించింది. నేరం ఒక ప్రశ్న, పరారీ వేరొక ప్రశ్న. ఈ రెంటినీ విడివిడిగా చూడటం ఈ పాఠంలో మీరు గుర్తుంచుకోవలసిన మొదటి సంగతి. ఇంగ్లండు క్రిమినల్ వ్యవహారాల్లో అవుట్‌లారీని 1938లో గానీ పూర్తిగా తీసివేయలేదు.

భారతదేశానికి వచ్చినప్పుడు

1861లో మొదలై 1872, 1882, 1898లలో తిరగరాసిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లు అవుట్‌లారీని ఇక్కడికి తీసుకురాలేదు. పిలిచినా రాని మనిషి నేరం చేసినట్టేనన్న నియమం మన చట్టంలో లేదు. ఆస్తిని పట్టుకోవడం ఇక్కడ శిక్ష కాదు, మనిషిని రప్పించే ఒత్తిడి. అయితే పేరు పెట్టి బహిరంగంగా పిలవడం, గడువు ఇవ్వడం, ఆ తర్వాతే ఆస్తి జోలికి పోవడం అనే క్రమం మాత్రం నిలిచింది.

1898 కోడ్‌లో ప్రకటనకు 87వ సెక్షన్, జప్తుకు 88, ఆస్తిని తిరిగి ఇవ్వడానికి 89 ఉండేవి. ప్రకటనను ఆ మనిషి మామూలుగా నివసించే ఊళ్ళో నలుగురూ చూసే చోట బిగ్గరగా చదవాలి. అతని ఇంటికి, లేదా ఊళ్ళో కనబడే చోట అంటించాలి. ఒక ప్రతిని కోర్టు భవనానికి అంటించాలి. చాటింపు అలవాటున్న మన ఊళ్ళకు ఇందులో మొదటిది కొత్తేమీ కాదు. చదువు రానివారే ఎక్కువగా ఉన్న కాలంలో అంటించిన కాగితం కంటే చదివిన మాటే మనిషికి చేరుతుంది. అతని చెవికి కాకపోతే అన్నదమ్ముల చెవికైనా పడుతుంది. ముప్పై రోజుల గడువు ఆ మాట ప్రయాణించడానికి ఇచ్చిన సమయం.

ఆ కోడ్‌లో ఒక లోటు ఉండేది. పరారీ అయినవాడిది అనుకుని మరొకరి ఆస్తిని పట్టుకుంటే, ఆ మరొకరు అభ్యంతరం చెప్పుకునే వివరమైన పద్ధతి అందులో లేదు. 1923 సవరణ దాన్ని చేర్చింది. ఉమ్మడి కుటుంబాల్లో భూమి ఒకరి పేరున ఉండి, అనుభవం నలుగురిదై ఉండే దేశంలో ఈ అవసరం ముందే తెలిసి ఉండాల్సింది.

స్వాతంత్ర్యం తర్వాత ఈ యంత్రం మరో పనికి కూడా ఉపయోగపడింది. 1971 నాటి ఆంతరంగిక భద్రతా చట్టం, అంటే మీసా, విచారణ లేకుండా నిర్బంధించే ఉత్తర్వులకు వీలు కల్పించింది. ఆ ఉత్తర్వు అందుకోవలసిన వ్యక్తి తప్పించుకుంటే, దాన్ని కోర్టు వారెంటుగా భావించి ప్రకటన, జప్తు సెక్షన్లను వర్తింపజేయవచ్చని ఆ చట్టం 7వ సెక్షన్ చెప్పింది. అంటే ఏ నేరారోపణా లేని మనిషి ఇల్లూ జప్తు కావచ్చు. ఎమర్జెన్సీ కాలంలో అజ్ఞాతంలోకి వెళ్ళిన రాజకీయ కార్యకర్తల కుటుంబాలు ఏ భయం కింద బతికాయో ఈ ఒక్క సెక్షన్ చెబుతుంది.

ఒక కేసు నడిచే తీరు

ఇప్పుడు నేటి పద్ధతిని ఒక కల్పిత ఉదాహరణతో చూద్దాం. ఒక పత్తి వ్యాపారి రైతుల దగ్గర సరుకు కొని డబ్బు ఇవ్వలేదు. మోసం చేశాడని కేసు నమోదైంది, చార్జిషీటు దాఖలైంది. మేజిస్ట్రేటు మొదట సమన్లు పంపుతారు. అది హాజరు కమ్మని చెప్పే కాగితం మాత్రమే. రాకపోతే బెయిలబుల్ వారెంటు. పోలీసు పట్టుకున్నా, వారెంటు మీద రాసిన మొత్తానికి బాండు, జామీను ఇస్తే వదిలిపెడతారు. దానికీ చిక్కకపోతే నాన్‌బెయిలబుల్ వారెంటు. ఇక పట్టుకుని కోర్టు ముందు నిలబెట్టవలసిందే. ఇందర్ మోహన్ గోస్వామి కేసులో 2007లో సుప్రీంకోర్టు ఈ వరుసను గట్టిగా చెప్పింది. మనిషి కావాలనే తప్పించుకుంటున్నాడని నమ్మకం కుదిరితే తప్ప నేరుగా నాన్‌బెయిలబుల్ వారెంటుకు దూకరాదు. అయితే ఘోరమైన నేరాల్లో మొదటి మెట్టే వారెంటు కావచ్చు. చార్జిషీటు రాకముందు కూడా వారెంటు అడగవచ్చా అన్న ప్రశ్న 1993 బొంబాయి పేలుళ్ళ కేసులో వచ్చింది. దావూద్ ఇబ్రహీం తదితరులపై సీబీఐ కోరిన వారెంటు విషయంలో, దర్యాప్తు దశలోనూ కోర్టు జారీ చేయవచ్చని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఆ వారెంటు మనిషిని కోర్టు ముందుకు తేవడానికే గానీ, పోలీసులకు అప్పగించడానికి కాదని కూడా చెప్పింది.

వారెంటుకు కాలదోషం లేదు. జారీ చేసిన కోర్టు రద్దు చేసేదాకా, లేదా అమలు అయ్యేదాకా అది బతికే ఉంటుంది. ‘పాత వారెంటు కదా, పోయే ఉంటుంది’ అనుకుని ఏళ్ళ తర్వాత ఊరికి వచ్చి దొరికిపోయినవాళ్ళు చాలామంది ఉంటారు.

మన వ్యాపారి విషయంలో కానిస్టేబులు ‘ఇంటికి తాళం వేసి ఉంది’ అని వారెంటు తిప్పి పంపాడు. ఇది చాలుతుందా? చాలదు. పెళ్ళికి వెళ్ళినా తాళం వేస్తారు. అతను పరారీ అయ్యాడని, లేదా వారెంటు అమలు కాకుండా దాక్కుంటున్నాడని నమ్మడానికి కోర్టుకు కారణం కనబడాలి. ఎన్నిసార్లు వెళ్ళారు, ఇరుగుపొరుగును అడిగారా, ఫోను, దుకాణం సంగతేమిటి అని మేజిస్ట్రేటు ఆ కానిస్టేబులును అడగడం మంచి పద్ధతి. మరోవైపు, పరారీ అంటే ఊరు దాటడమే కానక్కరలేదు. సొంత ఇంట్లోనే అటక మీద దాక్కున్నా పరారీయే అవుతుందని సుప్రీంకోర్టు కర్తారే కేసులో చెప్పిన సూత్రాన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

కోర్టుకు నమ్మకం కుదిరింది. మార్చి 5న ప్రకటనకు ఆదేశించి, ఏప్రిల్ 10న హాజరు కమ్మంది. మధ్యలో 36 రోజులున్నాయి, సరిపోయినట్టే కనబడుతుంది. కానీ పోలీసులు దాన్ని ఊళ్ళో చదివి, ఇంటికి అంటించింది మార్చి 18న. గడువును ఆదేశించిన రోజు నుంచి కాదు, ప్రచురించిన రోజు నుంచి లెక్కించాలి. అలా చూస్తే మిగిలింది 23 రోజులే. ఈ ప్రకటన చెల్లదు. ఆచరణలో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. ఇంటికి కాగితం అంటించి, ఊళ్ళో చదవకుండా వచ్చేయడం రెండోది. చదవడం, ఊళ్ళో అంటించడం, కోర్టుకు అంటించడం మూడూ జరగాలి. ఒకటి చేస్తే చాలదు. పత్రికలో వేయించడం మాత్రం కోర్టు ఇష్టం. అది మొదటి మూడింటికి అదనమే గానీ బదులు కాదు. ఒక ఉత్తర్వును మీరు పరీక్షించాలనుకుంటే ముందు ఈ తేదీలనే చూడండి. విల్క్స్ కేసులో షెరీఫ్ నివేదికకు ఉన్న స్థానం ఇక్కడ ప్రకటన సరిగ్గా జరిగిందని కోర్టు రాసే ధ్రువీకరణకు ఉంది. ఫలానా రోజున ప్రచురించామని కోర్టు రాతపూర్వకంగా నమోదు చేస్తే అది తిరుగులేని సాక్ష్యం అవుతుంది. అందుకే దాన్ని యాంత్రికంగా రాయకూడదు.

కోర్టు మళ్ళీ ఆదేశించింది. ఏప్రిల్ 20న ప్రచురణ, మే 28న హాజరు. ఈసారి 38 రోజులు. సరిపోయింది.

జప్తు

ప్రకటన జారీ అయ్యాక ఎప్పుడైనా, కారణాలు రాసి, కోర్టు జప్తుకు ఆదేశించవచ్చు. సాధారణంగా హాజరు తేదీ దాకా ఆగుతారు. కానీ వ్యాపారి తన గోదాములోని పత్తిని రాత్రికి రాత్రి అమ్మేస్తున్నాడని అఫిడవిట్ ద్వారా గానీ, మరోలా గానీ తేలితే, ప్రకటనతో పాటే జప్తు చేయవచ్చు. పత్తి బేళ్ళను స్వాధీనం చేసుకుంటారు. బ్యాంకులో ఉన్న డబ్బు అతనికి బ్యాంకు ఇవ్వవలసిన బాకీ కాబట్టి, చెల్లించవద్దని రాతపూర్వకంగా ఆదేశిస్తారు. అతని అద్దె ఇంటి విషయంలో అద్దె అతనికి కట్టవద్దని అద్దెదారుకు చెబుతారు. ప్రభుత్వానికి శిస్తు కట్టే భూమి అయితే జప్తు జిల్లా కలెక్టరు ద్వారా జరగాలి, ఎందుకంటే ఆ భూమి లెక్కలు రెవెన్యూ దగ్గర ఉంటాయి. గేదెలు, పాడైపోయే సరుకు ఉంటే కోర్టు వెంటనే అమ్మించవచ్చు. వాటికి మేత వేసేదెవరు అన్న ప్రశ్న చట్టం రాసినవారికి కూడా తట్టింది. ఆస్తి వేరే జిల్లాలో ఉంటే అక్కడి జిల్లా మేజిస్ట్రేటు ఆమోద ముద్ర కావాలి.

జప్తయిన పొలంలో రెండు ఎకరాలు తన పుట్టింటివారు ఇచ్చినవని వ్యాపారి భార్య అంటుందనుకుందాం. జప్తు తేదీ నుంచి ఆరు నెలల్లోగా ఆమె అభ్యంతరం వేయాలి. కోర్టు విచారించి కాదంటే, ఆ ఉత్తర్వు తేదీ నుంచి ఏడాదిలోగా సివిల్ దావా వేసుకోవచ్చు. ఆరు నెలలు గడవకుండా, ఆమె అభ్యంతరం తేలకుండా ఆ భూమిని వేలం వేయడానికి వీల్లేదు.

వ్యాపారి మే 28 లోపు వచ్చేస్తే కోర్టు ఆస్తిని విడిచిపెట్టాలి. ఇందులో కోర్టుకు విచక్షణ లేదు. రాకపోతే ఆస్తి రాష్ట్ర ప్రభుత్వ ఆధీనంలోకి వెళుతుంది. అప్పుడైనా తలుపు పూర్తిగా మూసుకోదు. జప్తు తేదీ నుంచి రెండేళ్ళలోగా అతను వచ్చినా, పట్టుబడినా, తాను వారెంటు తప్పించుకోవడానికి దాక్కోలేదని, ప్రకటన సంగతి సకాలంలో తెలియలేదని రుజువు చేసుకుంటే, ఖర్చులు పోను ఆస్తి గానీ, అమ్మిన సొమ్ము గానీ తిరిగి వస్తుంది. దుబాయ్ పనికి వెళ్ళి, ఊళ్ళో కేసు సంగతి తెలియనివాడికి ఉపయోగపడేది ఈ నిబంధనే.

డబ్బు పోగొట్టుకున్న రైతులు ఇక్కడ సాధారణంగా ఒక ఆశ పెట్టుకుంటారు. పొలం జప్తయింది కాబట్టి తమ బాకీ దానిలోంచి తీరుతుందని. ఈ జప్తు అందుకు కాదు. ఇది మనిషిని రప్పించడానికి వేసిన ముడి. బాకీ వసూలుకు వేరే దారులు వెతుక్కోవాలి. ఈ మాట మొదటే చెప్పేవారు లేక చాలామంది ఏళ్ళ తరబడి తప్పు కోర్టు చుట్టూ తిరుగుతారు.

కొత్త మార్పులు

2005 సవరణ, 2006 జూన్‌లో అమలులోకి వచ్చి, ‘ప్రకటిత నేరస్థుడు’ అన్న మాటకు ప్రత్యేక అర్థం ఇచ్చింది. హత్య, దోపిడి వంటి కొన్ని పేర్కొన్న నేరాల్లో మాత్రమే, ప్రకటనకు స్పందించనివారిని విచారణ జరిపి అలా ప్రకటించవచ్చు. కొత్త సంహిత ఆ జాబితాను తీసేసి, పదేళ్ళు లేదా అంతకు మించిన జైలు, యావజ్జీవం, మరణశిక్ష పడగల నేరాలని ఒక కొలత పెట్టింది. మోసం కేసులో గరిష్ఠ శిక్ష ఏడేళ్ళు. కాబట్టి మన పత్తి వ్యాపారి మీద ప్రకటన వెలువడవచ్చు, ఆస్తి జప్తు కావచ్చు, కానీ అతన్ని ‘ప్రకటిత నేరస్థుడు’ అని ప్రకటించడం కుదరదు. పోలీసు స్టేషన్లలో ఇద్దరినీ ఒకే పేరుతో పిలుస్తారు. మీరు మాత్రం తేడా పాటించండి, ఎందుకంటే శిక్ష మారుతుంది. భారతీయ న్యాయ సంహిత 209వ సెక్షన్ ప్రకారం ప్రకటనకు హాజరు కాకపోవడమే విడి నేరం. మామూలుగా మూడేళ్ళ దాకా, ప్రకటిత నేరస్థుడైతే ఏడేళ్ళ దాకా జైలు పడవచ్చు. మోసం కేసులో చివరికి నిర్దోషిగా తేలినా ఈ విడి నేరం ప్రశ్న అలాగే ఉంటుంది.

ఇంతకంటే పెద్ద మార్పు 356వ సెక్షన్‌లో ఉంది. పాత కోడ్‌ల కింద, పరారీలో ఉన్నవాడి విషయంలో కోర్టు సాక్షుల వాంగ్మూలాలు నమోదు చేసి దాచగలిగేది, అంతే; తీర్పు చెప్పడానికి మనిషి కావాలి. ఇప్పుడు ప్రకటిత నేరస్థుడు విచారణ తప్పించుకోవడానికి పారిపోయి, వెంటనే పట్టుబడే అవకాశం లేకపోతే, అతను లేకుండానే విచారించి తీర్పు ఇవ్వవచ్చు. అందుకు మళ్ళీ మెట్లు పెట్టారు. కనీసం ముప్పై రోజుల ఎడంతో వరుసగా రెండు వారెంట్లు జారీ కావాలి. పత్రికలో ప్రకటించాలి, బంధువుకు తెలియజేయాలి, ఇంటికీ పోలీసు స్టేషనుకూ అంటించాలి. అభియోగాలు ఖరారైన తర్వాత 90 రోజులు గడవాలి. న్యాయవాది లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో నియమించాలి. తీర్పు మీద అప్పీలు చేయాలంటే మాత్రం అతను స్వయంగా కోర్టు ముందుకు రావాలి, అదీ తీర్పు తేదీ నుంచి మూడేళ్ళలోపు.